విత్తనాల నెలలో చీటీ పాట: లెక్క చూసి పాడండి

కళ్యాణదుర్గం ప్రాంతంలో వేరుశనగ రైతుకు జూన్ వచ్చిందంటే విత్తనాలకు, ఎరువులకు ఒకేసారి డబ్బు కావాలి. బ్యాంకు అప్పు చేతికి రాకపోతే చాలామంది చీటీ పాడుకుంటారు. "అది మన డబ్బే కదా, వడ్డీ ఏముంది?" అనుకుంటారు. వడ్డీ ఉంది. అది కాగితం మీద కనబడదు, అంతే.

ఒక లెక్క వేద్దాం. లక్ష రూపాయల చీటీ, 20 మంది, నెలకు 5,000, సెప్టెంబరులో మొదలు. పాటలో తగ్గించిన మొత్తంలోంచి 5,000 కమీషన్ పోగా, మిగిలింది 20 మందికీ సమంగా డివిడెండ్‌గా వస్తుంది.

| నెలలు | తగ్గింపు | ఒక్కొక్కరి డివిడెండ్ | కట్టేది |
|---|---|---|---|
| 1–5 | 30,000 | 1,250 | 3,750 |
| 6–10 | 22,000 | 850 | 4,150 |
| 11–15 | 15,000 | 500 | 4,500 |
| 16–19 | 9,000 | 200 | 4,800 |
| 20 | 5,000 | 0 | 5,000 |

ఎవరు ఎప్పుడు ఎత్తుకున్నా మొత్తం కట్టేది 86,200. చివర ఎత్తుకున్నవారికి 95,000 వస్తుంది, అంటే మిగులు 8,800. ఇది నూటికి నెలకు సుమారు రూపాయి 7 పైసల వడ్డీ. మొదటి నెలే ఎత్తుకున్నవారికి 70,000 వస్తుంది. వారికి పడే వడ్డీ సుమారు 2 రూపాయల 17 పైసలు.

ఇప్పుడు పదో నెల, అంటే జూన్‌లో పాడిన రైతును చూడండి. చేతికి 78,000 వచ్చింది. కానీ అందులో 39,500 అప్పటిదాకా తాను కట్టినదే. నిజమైన అప్పు 38,500 మాత్రమే. దానికి మిగిలిన పది నెలల్లో 46,700 కట్టాలి. తన పొదుపుకు వడ్డీ ఏమీ లేదనుకున్నా, ఈ అప్పుకు పడేది 3 రూపాయల 60 పైసలు. మొదట ఎత్తుకున్నవారికంటే ఎక్కువ! అదే నెలలో మరో నలుగురికి విత్తనాల అవసరం వస్తే పాట ఇంకా దిగజారుతుంది.

సకాలంలో చెల్లించే రైతుకు కిసాన్ క్రెడిట్ కార్డు పంట రుణంపై వడ్డీ ఏడాదికి 4 శాతం, అంటే నెలకు నూటికి 33 పైసలు. పట్టా లేని కౌలు రైతుకే ఇది అందడం లేదు. సాగుదారు హక్కు పత్రానికి భూయజమాని సంతకం కావాలి. ఆ సంతకం దొరకనివారే చీటీ పాటలో ఎక్కువ వదులుకుంటున్నారు. కాబట్టి చీటీని తప్పుపట్టి లాభం లేదు. కౌలు రైతుకు పంట రుణం ఇప్పించడమే మన డిమాండ్ కావాలి.

చీటీ వేసేవారు మూడు విషయాలు అడగండి. ఒకటి, 1982 చిట్ ఫండ్ చట్టం కింద రిజిస్టరయిందా? రెండు, కమీషన్ ఎంత? 2019 సవరణతో గరిష్ఠం 5 నుంచి 7 శాతం అయింది. పై చీటీలో పాటలు అవే ఉండి కమీషన్ 7,000 అయితే, చివరివారి మిగులు 8,800 నుంచి 4,900కు పడిపోతుంది. మూడు, ప్రతి నెల పాట, డివిడెండ్ మీ పుస్తకంలో రాస్తున్నారా? రాయకపోతే ఈ లెక్క మీరు వేయలేరు, అడగనూ లేరు.

చీటీని పొదుపుగా వాడితే మంచిదే. విత్తనాల అప్పుగా వాడితే మాత్రం పాడే ముందు ఒక్కసారి ఈ పట్టిక చూడండి.