తిరుగు టికెట్టు లెక్క

విశాఖపట్నంలో ఉన్న తల్లిదండ్రులు డల్లాస్‌లోని కూతురి పురుటికి బయల్దేరుతున్నారనుకుందాం. ఏజెంటు వాట్సాప్‌లో టికెట్టు పంపుతాడు. పాస్‌పోర్టులో ఉన్నట్టే పేర్లున్నాయా, హైదరాబాద్‌లో విమానం ఎన్నింటికి, మధ్యలో దోహాలో ఎంతసేపు ఆగాలి అన్నవి చూసుకుని తండ్రి ఆ కాగితాన్ని ప్రింటు తీసి ఫైల్లో పెట్టేస్తాడు. డబ్బుతో ముడిపడిన సంగతులన్నీ ఆ కాగితం కింది భాగంలో సన్న అక్షరాల్లో ఉంటాయి. ఒక్కోసారి అసలు ఆ కాగితంలోనే ఉండవు.

టికెట్టు మీద రెండు గుర్తింపులు ఉంటాయి. ఆరు అక్షరాల పీఎన్ఆర్ సీటు రిజర్వేషన్‌కు గుర్తు. పదమూడు అంకెల టికెట్టు నంబరు డబ్బు అందిందనడానికీ, ఒప్పందం కుదిరిందనడానికీ గుర్తు. దాని మొదటి మూడంకెలను బట్టి టికెట్టు ఏ సంస్థదో తెలుస్తుంది: ఎయిర్ ఇండియాకు 098, ఎమిరేట్స్‌కు 176, ఖతార్‌కు 157. పీఎన్ఆర్ ఉండి ఈ నంబరు లేకపోతే చేతిలో ఉన్నది టికెట్టు కాదు, రిజర్వేషన్ మాత్రమే. 2008 జూన్ నుంచి ప్రపంచమంతటా కాగితం టికెట్ల స్థానంలో ఈ-టికెట్లు వచ్చాయి. అసలు టికెట్టు సంస్థ కంప్యూటర్లో ఉంటుంది, ప్రయాణికుడి దగ్గర ఉన్నది దాని రసీదు.

ఆ కంప్యూటర్లో టికెట్టు కూపన్లుగా విడిపోయి ఉంటుంది. హైదరాబాద్ నుంచి దోహాకు ఒకటి, దోహా నుంచి డల్లాస్‌కు ఒకటి, తిరుగు దారిలో మరో రెండు. వీటిని వరుసలోనే వాడాలి. మొదటి విమానం ఎక్కకుండా, చెప్పకుండా ఉండిపోతే మిగతా మూడింటి సీట్లూ రద్దవుతాయి. వెళ్ళేటప్పుడు మరో విమానంలో వెళ్ళి, వచ్చేటప్పుడు ఈ టికెట్టు వాడుకుందామనుకున్నవాళ్ళకు ఆ సంగతి తిరుగు రోజున విమానాశ్రయంలోనే తెలుస్తుంది.

ఇక డబ్బు సంగతి. తేలిగ్గా అర్థమయ్యేలా కొన్ని ఊహాజనిత అంకెలు తీసుకుందాం. మనిషికి రానూపోనూ 1,10,000 రూపాయలు అయింది. అందులో మూల ఛార్జీ 68,000. ‘పన్నులు, రుసుములు’ అన్న వరుసలో 42,000. ఈ 42,000 అంతా ప్రభుత్వానికి పోతుందని చాలామంది అనుకుంటారు. ఆ వరుసను విడదీస్తే YQ లేదా YR అన్న గుర్తు కింద 24,000 కనిపిస్తుంది. అది పన్ను కాదు, విమాన సంస్థ తనకోసం వేసుకునే సర్‌ఛార్జీ. మిగిలిన 18,000 మాత్రమే జీఎస్టీ (టికెట్టు మీద K3 అని ఉంటుంది), విమానాశ్రయాల రుసుములు, అమెరికా ప్రభుత్వ పన్నులు. టికెట్టు రద్దు చేసిన రోజున ఈ విభజనే ముఖ్యం. ‘పన్నులు వెనక్కి వస్తాయి’ అని ఏజెంటు చెప్పినప్పుడు ప్రయాణికుడు మనసులో వేసుకునే అంకె 42,000, చేతికి వచ్చేది 18,000 లోపే. సర్‌ఛార్జీని పన్నుల వరుసలో చూపించడం ప్రయాణికుడిని తప్పుదారి పట్టించడమే. దాన్ని మూల ఛార్జీ పక్కనే చూపించాలి.

పురుడు ముందే వచ్చేట్టుంది, పది రోజులు ముందు బయల్దేరాలన్నారనుకుందాం. టికెట్టు కొన్నప్పుడు ‘తేదీ మార్పుకు 12,000’ అని చెప్పారు కాబట్టి తండ్రి ఇద్దరికీ కలిపి 24,000 సిద్ధం చేసుకుంటాడు. ఏజెంటు మాత్రం మనిషికి 34,000 అడుగుతాడు. దీనిలో మోసం ఉండకపోవచ్చు. 12,000 మార్పు రుసుము, మిగతా 22,000 ఛార్జీలో తేడా. ఎకానమీ సీట్లన్నీ ఒకే వెడల్పుతో ఉన్నా సంస్థ వాటిని అక్షరాల వారీగా అరలుగా విడదీసి, ఒక్కో అరకు ఒక్కో ధర పెట్టి అమ్ముతుంది. టికెట్టులో ‘ఫేర్ బేసిస్’ అన్నచోట ఉండే గుర్తులో మొదటి అక్షరం సాధారణంగా ఆ అరను చెబుతుంది. పాత తేదీన చవక అరలో సీటు దొరికింది. కొత్త తేదీన ఆ అర ఖాళీ అయిపోయింది, పై అరలోనే సీట్లున్నాయి. ఆ రెండింటి మధ్య తేడా కట్టాల్సిందే. ‘ఉచిత తేదీ మార్పు’ అన్న ప్రకటనలో ఉచితమయ్యేది 12,000 మాత్రమే, ఆ 22,000 కాదు.

ఇంకో సంగతి ఏజెంట్లకు తెలుసు, ప్రయాణికులకు అరుదుగా చెబుతారు. ప్రయాణం మొదలు కాకముందు వెళ్ళే తేదీ మారిస్తే చాలా సంస్థలు తిరుగు దారితో సహా టికెట్టు మొత్తాన్నీ ఆ రోజు ధరలతో మళ్ళీ లెక్క కడతాయి. ప్రయాణం మొదలయ్యాక తిరుగు తేదీ ఒక్కటే మారిస్తే సాధారణంగా కొన్ననాటి ధరల పట్టికే వర్తిస్తుంది. అందుకే తిరుగు తేదీ మీద అనుమానమున్నా, వెళ్ళే తేదీ ఖాయమైతే, ముందే మార్చకుండా డల్లాస్ చేరాక మార్చుకోవడం చాలాసార్లు చవక. అయితే ఫేర్ రూల్స్‌లో ఉండే గరిష్ఠ బస గడువును చూసుకోవాలి. అమెరికాలో సందర్శకులకు సాధారణంగా ఆరు నెలలు ఉండే అనుమతి ఇస్తారు. చవక టికెట్టు మూడు నెలల్లోపు తిరిగి రావాలన్న షరతుతో ఉంటే, వీసా ఒప్పుకున్నా టికెట్టు ఒప్పుకోదు.

మార్పు జరిగాక ఒక పని తప్పకుండా చేయాలి. ఏజెంటు పంపిన కొత్త కాగితంలో తేదీలతో పాటు టికెట్టు నంబరు కూడా మారిందో లేదో చూడాలి. రుసుమో, ఛార్జీ తేడానో కట్టి మార్చిన టికెట్టును మళ్ళీ జారీ చేస్తారు కాబట్టి కొత్త నంబరు వస్తుంది. తేదీలు కొత్తవై, నంబరు పాతదే ఉంటే సీటు మార్చారు గానీ టికెట్టు జారీ కాలేదేమోనని అనుమానించాలి. అలాంటి కాగితంతో వెళ్తే కౌంటర్లో బోర్డింగ్ పాస్ రాదు. సంస్థ వెబ్‌సైట్లో పీఎన్ఆర్ కొట్టి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

డల్లాస్ చేరాక, తండ్రి అనుకున్న రోజుకే తిరిగొచ్చాడు, తల్లి మాత్రం మనవరాలి కోసం ఉండిపోయింది, ఆమె తిరుగు ప్రయాణం రద్దు చేయాలనుకున్నారు. సగం టికెట్టు వాడలేదు కాబట్టి సగం డబ్బు రావాలని ఎవరైనా అనుకుంటారు. లెక్క అలా కట్టరు. మూల ఛార్జీ, సర్‌ఛార్జీ కలిపి కట్టింది 92,000. అందులోంచి, వాడుకున్న హైదరాబాద్ - డల్లాస్ దారికి ఒకవైపు టికెట్టు విడిగా ఎంతవుతుందో అంత తీసేస్తారు. చాలా దూర ప్రయాణాల్లో ఒకవైపు ధర రానూపోనూ ధరలో సగం కాదు, చాలా ఎక్కువ. అది 74,000 అనుకుంటే మిగిలింది 18,000. రద్దు రుసుము 20,000 అయితే చేతికి వచ్చేది సున్నా, వాడని తిరుగు దారి తాలూకు ప్రభుత్వ పన్నులు తప్ప. ఈ పరిస్థితిలో రద్దు కంటే తేదీ మార్పే మేలు. అయితే ఎప్పుడొస్తారో తేలనప్పుడు కూడా పాత తేదీన విమానం కదలకముందే సీటు వదులుకుంటున్నామని సంస్థకు తెలియజేయాలి. అలా చేస్తే ఆ కూపన్ల విలువ, టికెట్టు చెల్లుబాటు గడువు వరకు, చాలా ఛార్జీల్లో నిలిచి ఉంటుంది. చెప్పకుండా మానేస్తే ‘నో-షో’ కింద అదనపు రుసుము పడుతుంది, కొన్ని చవక ఛార్జీల్లో విలువంతా పోతుంది. ఈ ఒక్క ఫోను చేయకపోవడం వల్ల పోగొట్టుకునే డబ్బే అన్నిటికంటే అనవసరమైన నష్టం.

భారత పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దేశీయ సంస్థలకు రెండు హద్దులు గీసింది. రద్దు రుసుము మూల ఛార్జీ, ఇంధన సర్‌ఛార్జీల మొత్తాన్ని మించకూడదు. మూల ఛార్జీ వెనక్కి రాని టికెట్టయినా, ప్రయాణికుడు రాకపోయినా, చట్టబద్ధమైన పన్నులూ విమానాశ్రయ రుసుములూ తిరిగి ఇవ్వాలి. ఈ డబ్బు అడగాలన్న సంగతే తెలియక చాలామంది వదిలేస్తున్నారు. ఏజెంటు ద్వారా కొన్న టికెట్టుకు కూడా డబ్బు వెనక్కి ఇచ్చే బాధ్యత విమాన సంస్థదేనని అవే నిబంధనలు చెబుతున్నాయి. విదేశీ సంస్థలు మాత్రం తమ దేశపు నిబంధనల ప్రకారం ఇస్తాయి. కూతురు డల్లాస్‌లో కూర్చుని సంస్థ అమెరికా వెబ్‌సైట్లో నేరుగా కొంటే అక్కడి రవాణా శాఖ నియమం ఒకటి అక్కరకొస్తుంది. ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు కొన్న టికెట్టుకు సంస్థ ఇరవై నాలుగు గంటల్లో ఉచితంగా రద్దు చేసుకునే వీలివ్వాలి, లేదా డబ్బు తీసుకోకుండా అదే ధరకు అంతసేపు సీటు పట్టి ఉంచాలి. ఏజెంట్లకు ఆ నియమం వర్తించదు. (విమాన సంస్థే విమానం రద్దు చేస్తే ఈ రుసుములేవీ వేయకూడదు. అది వేరే కథ.)

లగేజీ దగ్గర మరో మెలిక ఉంది. టికెట్టు మీద 2PC అని ఉంటే రెండు పెట్టెలు, అమెరికా దారిలో ఎకానమీకి సాధారణంగా ఒక్కోటి 23 కిలోలు. ఒకదాంట్లో 28, మరోదాంట్లో 18 పెట్టి మొత్తం సరిపోయిందంటే కుదరదు, 28 కిలోల పెట్టెకు అధిక బరువు రుసుము పడుతుంది. 30K అని ఉంటే అది మొత్తం బరువు, దాన్ని రెండు పెట్టెల్లో పంచుకోవచ్చు. విశాఖ దంపతులకు అసలు చిక్కు వచ్చేది హైదరాబాద్ చేరడంలో. విశాఖ - హైదరాబాద్ విమానాన్ని విడిగా, వేరే టికెట్టు మీద కొంటే ఆ దారికి చవక దేశీయ ఛార్జీల్లో మామూలుగా మనిషికి 15 కిలోలే. ఒక్కొక్కరి చేతిలో ఆవకాయ జాడీలతో సహా 46 కిలోలున్నాయి. మిగతా 31 కిలోలకు, కిలోకు వందల రూపాయల చొప్పున, విశాఖ కౌంటర్లోనే కట్టాలి. ఆ చిన్న విమానం ఆలస్యమై హైదరాబాద్‌లో పెద్ద విమానం తప్పిపోయినా రెండో సంస్థకు సంబంధం లేదు, ఆ టికెట్టు నో-షో కిందికి పోతుంది. అదే విశాఖ నుంచి డల్లాస్ దాకా ఒకే టికెట్టుగా కొంటే దారి పొడవునా ఒకే లగేజీ నియమం ఉంటుంది, మొదటి విమానం ఆలస్యమైతే తర్వాతి విమానంలో సీటు చూపించే బాధ్యతా సంస్థదే. అలా కొన్నప్పుడు రెండు మూడు వేలు ఎక్కువైనా తక్కువ ఖర్చే.

డబ్బు కట్టకముందే ఏజెంటును ఫేర్ రూల్స్ పాఠం పంపమని అడగవచ్చు. బుకింగ్ తెరమీద అది అతనికి కనిపిస్తుంది, కాపీ చేసి పంపడం నిమిషం పని. అందులో PENALTIES అన్న భాగం చదివితే చాలు. బయల్దేరకముందు రద్దు, బయల్దేరాక రద్దు, తేదీ మార్పు, నో-షో, ఈ నాలుగు సందర్భాలకూ విడివిడిగా ఏం రాశారో చూడాలి. ‘రిఫండబుల్’ అన్న ఒక్క మాట నోటితో చెప్పి పాఠం పంపనివాడి దగ్గర, వెయ్యి రూపాయలు తక్కువకు దొరికినా, పురుటి ప్రయాణాల టికెట్లు కొనకూడదు. తేదీలు మారే అవకాశం వాటికే ఎక్కువ.