ఒకే తీర్మానం, రెండు ప్రతులు

ముంబయి నాగ్‌పాడా, కామాఠీపురా చాళ్ళలో ఇప్పుడు ఏ సమావేశం పెట్టినా మాట పునర్నిర్మాణం మీదికే పోతుంది. నిజాం రాజ్యం నుంచి కూలికి వెళ్ళిన కామాఠీల పేరు మీద వెలిసిన పేట కామాఠీపురా. సొసైటీగా నమోదైన చోట మినిట్స్ రెండు భాషల్లో రాయాల్సి వస్తుంది. ఇంగ్లీషు ప్రతి ఆర్కిటెక్టుకీ బిల్డరుకీ వకీలుకీ వెళ్తుంది. తెలుగు ప్రతి నోటీసు బోర్డు మీదికి వెళ్తుంది, పెద్దవాళ్ళు చదివించుకుని సంతకం చేసేది దాని మీదనే. అందుకే ముందు ఇంగ్లీషులో రాసి తర్వాత తెలుగు చేసే అలవాటు మానాలంటాను. రెండూ ఒకే లెక్కల కాగితం నుంచి పుట్టాలి.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. సొసైటీలో 60 మంది సభ్యులు. 2019 జూలై 4 నాటి మహారాష్ట్ర ప్రభుత్వ ఆదేశం ప్రకారం పునర్నిర్మాణ సమావేశానికి మూడింట రెండు వంతుల కోరం కావాలి, అంటే 40 మంది. తీర్మానం నెగ్గాలంటే మొత్తం సభ్యుల్లో కనీసం 51 శాతం ఒప్పుకోవాలి, అంటే 31 మంది. సమావేశానికి 44 మంది వచ్చారు. అనుకూలం 26, వ్యతిరేకం 18. తెలుగు ప్రతిలో ‘వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఒప్పుకున్నారు’ అని రాశారు, అది నిజమే. ఇంగ్లీషు ప్రతిలో ‘సభ్యుల మెజారిటీతో ఆమోదం’ అన్న అర్థం వచ్చేలా రాశారు. ఆ కాగితం చదివినవాడికి తీర్మానం నెగ్గినట్టే. నిజానికి అయిదు ఓట్లు తక్కువ. ఎవరూ అబద్ధం రాయలేదు, ‘వచ్చినవాళ్ళలో’ అన్న ఒక్క మాట జారిపోయింది, అంతే. అనుకూలం ఎంతమంది, వ్యతిరేకం ఎంతమంది, మొత్తం సభ్యులెందరు అన్న మూడు అంకెలూ రెండు ప్రతుల్లోనూ ఉంటే ఈ తేడా మొదటి చూపులోనే దొరికిపోయేది.

ఇంటి కొలత దగ్గరా ఇదే తంటా. ఇంగ్లీషులో ‘కార్పెట్ ఏరియా’ అని ఉన్నది తెలుగులో ఉత్త ‘చదరపు అడుగులు’ అయితే, బయటి గోడల మందం కూడా అందులో కలిసిందో లేదో చదివేవాడికి తెలియదు. పక్కన ‘బయటి గోడలు కలపకుండా, లోపల వాడుకునే నేల’ అని ఒక ముక్క చేర్చాలి. కార్పెట్ అనే మాట తెలుగులో ఉండనీయండి, దానికి సంస్కృతం గుప్పించక్కర్లేదు.

ఆఫీసులో చెల్లేది ఇంగ్లీషో మరాఠీయో కదా, తెలుగు ప్రతికి ఇంత శ్రమ ఎందుకని కొందరంటారు. కాగితం ఎక్కడ చెల్లుతుందన్నది ఒక ప్రశ్న, సభ్యుడు ఏది చదివి ఒప్పుకున్నాడన్నది వేరే ప్రశ్న. తగాదా రేగేది ఎక్కువగా రెండోదాని మీదనే. తేడా వస్తే ఏ ప్రతి ప్రమాణమో సమావేశంలోనే తీర్మానించి రెండింటిలోనూ రాయడం మంచిదే, కానీ అది సరిచూసే పనికి బదులు కాదు. సరిచూడడానికి పెద్ద చదువూ అక్కర్లేదు. సమావేశానికి రాని ఒకరి చేత తెలుగు ప్రతి ఒక్కటే చదివించి, ఏం తీర్మానించారో, ఎందరు ఒప్పుకున్నారో, ఎప్పటిలోగా ఎవరు ఏం చేయాలో చెప్పమనాలి. ఇంకొకరి చేత ఇంగ్లీషు ప్రతి చదివించి అవే అడగాలి. జవాబులు కలవని చోట తప్పు ఉంది. ఈ పని సంతకాలకు ముందే జరగాలి. చిత్తు ప్రతి సభ్యులకు పంచేటప్పుడు కార్యదర్శులు రెండు భాషల కాగితాలనూ ఒకే పిన్నుతో గుచ్చి పంచండి.