యూనిట్ అంటే క్రెడిట్ కాదు

తెలుగు మీడియం బీఏతో విదేశానికి అప్లై చేసే మన పిల్లల్ని అందరూ ఐఈఎల్‌టీఎస్ స్కోరు ఎంతని అడుగుతారు. సిలబస్‌ని ఇంగ్లీషులోకి ఎవరు మార్చారని ఒక్కరూ అడగరు. కానీ మన చదువుకి అక్కడ ఎన్ని క్రెడిట్లు వేయాలో తేల్చే ఎవాల్యుయేటర్ మన క్లాసుల్లో కూర్చోలేదు. తన ముందున్న కాగితమే తనకు మన కాలేజీ.

కడప జిల్లా అమ్మాయి ఒకరి ఫైలు నా దగ్గరకొచ్చింది. స్పెషల్ తెలుగు, చరిత్ర, రాజనీతి శాస్త్రంతో పాత వార్షిక పద్ధతిలో బీఏ చేసింది, అమెరికాలో ఎంఏకి అప్లై చేస్తోంది. సిలబస్ అప్పటికే డబ్బులిచ్చి అనువాదం చేయించుకుంది. ఇంగ్లీషు తప్పుల్లేవు. అయినా చదువు మొత్తం తారుమారైంది.

మొదటిది, యూనిట్. మన సిలబస్‌లో యూనిట్ అంటే పాఠ్యభాగం. అమెరికాలో చాలా కాలేజీల్లో యూనిట్ అంటే క్రెడిట్. ఐదు యూనిట్లని ఊరికే రాస్తే అది ఐదు క్రెడిట్ల కోర్సేమో అన్న గందరగోళం వస్తుంది. భాగం అని రాస్తే సరిపోతుంది. పేపరు కూడా అంతే. మనకది ఏడాది పొడవునా చదివే కోర్సు, వాళ్ళకి విద్యార్థి రాసిచ్చే వ్యాసం. జూనియర్ కాలేజీ మరీ ప్రమాదం. మన ఇంటర్ వాళ్ళ హైస్కూల్ చివరి రెండేళ్ళతో సమానం, వాళ్ళ జూనియర్ కాలేజీ హైస్కూల్ తర్వాతి చదువు. అందుకే ఇంటర్మీడియట్ అనే పేరు అలాగే ఉంచి, 11, 12 తరగతులని పక్కన రాయాలి.

రెండోది, స్పెషల్ తెలుగు. స్పెషల్ అన్న మాట చూసి, వెనకబడిన వాళ్ళకి భాష నేర్పే తరగతి అనుకునే వీలుంది. నష్టం ఎంతో లెక్క వేద్దాం. క్రెడిట్లు లేని వార్షిక పద్ధతిలో, పూర్తికాలం చదివిన ఏడాదికి 30 సెమిస్టర్ క్రెడిట్లు అనుకుని వాటిని పేపర్లకు పంచడం మామూలు. ఆరు పేపర్లకి సమానంగా పంచితే ఒక్కోదానికి 5. అందులో రెండు తెలుగు పేపర్లని భాషా తరగతులని పక్కన పెడితే 10 క్రెడిట్లు పోయినట్టే. అంటే ఏడాది చదువులో మూడో వంతు.

అందుకే మెమోలో ఉన్న పేరు అక్షరం మారకుండా ఉంచి, కింద అనువాదకుడి వివరణ అని గుర్తు పెట్టి, ఆ పేపర్లో ఉన్నవే చెప్పాలి: ఛందస్సు, అలంకారాలు, వ్యాకరణం, సాహిత్య చరిత్ర. ఆ ఫైల్లో జాషువా 'గబ్బిలం' గబ్బిలం అనే జంతువుగా మిగిలింది. 1941లో వచ్చిన ఆ కావ్యంలో, గుడిలోకి అడుగు పెట్టనివ్వని మనిషి తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. ఒక్క వాక్యం చేర్చితే సాహిత్య విద్యార్థి ఏం చదివిందో తెలుస్తుంది. చేర్చకపోతే జాషువా జంతుశాస్త్రంలో కలిసిపోతాడు.

మూడోది, మార్కులు. మనకి 60 అంటే ఫస్ట్ క్లాస్. అమెరికాలో చాలాచోట్ల 60 అంటే పాసుకి అంచున ఉన్న గ్రేడు. అలాగని అనువాదకుడు దాన్ని ఏ గానో బీ గానో మార్చకూడదు. ఆ పని ఎవాల్యుయేటర్‌ది. మెమో వెనక ఎన్ని మార్కులకి పాసు, ఎంతకి ఏ క్లాసు అని ఉన్న పట్టికని పూర్తిగా అనువదించి పెట్టాలి. దాన్నే చాలామంది వదిలేస్తారు. తరగతి గంటలు కూడా కాలేజీ ఇచ్చిన లెక్క ప్రకారమే రాయాలి. పెంచి రాస్తే ఒకరోజు బయటపడుతుంది, తర్వాత వెళ్ళే మన పిల్లల కాగితాల్నీ అనుమానిస్తారు.

నాలుగోది, ఏ ఏడాది సిలబస్. ఇప్పుడు వెబ్‌సైట్లో దొరికేది కొత్త సెమిస్టర్ సిలబస్. పేపర్ల పేర్లు మెమోతో ఒక్కొక్కటీ సరిపోల్చండి, ఒక్కటి కలవకపోయినా అది మీ సిలబస్ కాదు. యోగి వేమన యూనివర్సిటీ 2006లో, రాయలసీమ యూనివర్సిటీ 2008లో వచ్చాయి. అంతకుముందు డిగ్రీ పూర్తి చేసిన వాళ్ళు పాత సిలబస్ కోసం కడప నుంచి తిరుపతికి, కర్నూలు నుంచి అనంతపురానికి పోవాల్సిందే. కూలి మానుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని.

ఎంత మంచి అనువాదమైనా మూడేళ్ళ డిగ్రీని నాలుగేళ్ళది చేయలేదు. చదివింది చదివినట్టు చూపించగలదు, అంతే. ఇంగ్లీషు మీడియం పిల్లలకి ఆ మాత్రం ఊరికే దక్కుతుంది. మన పిల్లలు మాత్రం పేజీకింతని కట్టి, పైగా తప్పుగా చూపించుకుంటున్నారు. తెలుగులో పాఠం చెప్పి, తెలుగులో పరీక్ష పెట్టి, డిగ్రీ ఇచ్చింది యూనివర్సిటీ. ఆ డిగ్రీలో ఏముందో ఇంగ్లీషులో చెప్పాల్సిన బాధ్యత కూడా దానిదే. ఏ ఏడాది సిలబస్‌కి ఆ ఏడాది ఇంగ్లీషు కోర్సు వివరణ, గంటలతో, పాసు మార్కులతో, రిజిస్ట్రార్ ముద్రతో, ట్రాన్స్‌క్రిప్ట్‌తో పాటే ఇవ్వాలి. ఒక్కసారి తయారు చేస్తే ఆ బ్యాచ్ మొత్తానికీ పనికొస్తుంది.

విద్యార్థి సంఘాల మిత్రులారా, ఈసారి వీసీకి ఇచ్చే వినతిపత్రంలో హాస్టల్ మెస్ బిల్లు కింద ఈ డిమాండు కూడా రాయండి.