ఇంటి లెక్క: మెస్సు కార్డా, సొంత వంటా, రోజూ ఆర్డరా?

నరసరావుపేట కుర్రాడు. హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగం. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో స్నేహితుడితో కలిసి గది తీసుకున్నాడు. ఆఫీసుకి నడిచి వెళితే పది నిమిషాలు. చేతికొచ్చే జీతం 24 వేలు. చెల్లెలి చదువు కోసం నెలనెలా 5 వేలు పంపిస్తానని ఇంట్లో మాటిచ్చాడు. మొదటి నెల పంపాడు. రెండో నెల మూడు వేలే పంపాడు. మూడో నెల ఫోన్ చేసి, ‘నాన్నా, ఈసారి సర్దుకోండి’ అన్నాడు.

‘వాడేం తాగుడికీ సినిమాలకీ తగలేసే రకం కాదు, మరి డబ్బులేమవుతున్నాయి?’ అని తండ్రికి అనుమానం. ‘వేళకి తింటున్నాడో లేదో’ అని తల్లికి బెంగ. దసరాకి ఇంటికొచ్చినప్పుడు ముగ్గురూ కూర్చుని లెక్క వేస్తే జవాబు ఒక్కచోటే దొరికింది. డబ్బంతా అన్నానికే పోతోంది!

ఉదయం టిఫిను బండి దగ్గర ఇడ్లీయో ఉప్మాయో ఎలాగూ తప్పదు. నెలకి 1,500 దానికి తీసి పక్కన పెట్టారు. మధ్యాహ్నం, రాత్రి కలిపి నెలకి 60 పూటలు. అసలు లెక్కంతా వీటిదే. (ధరలు వీధికో రకంగా ఉంటాయి. ఇక్కడివి ఉదాహరణకి తీసుకున్నవి. మీ వీధి ధరలు పెట్టి ఇదే లెక్క వేసుకోవచ్చు.)

ఆర్డరు: అడుగున ఉన్న అంకె చూడండి

ఆ నెల కుర్రాడు 38 పూటలు ఫోన్లో ఆర్డరు పెట్టుకున్నాడు. 14 పూటలు హోటల్లో భోజనం చేశాడు. ఊరికి వెళ్లిన రెండు శనాదివారాల్లో 8 పూటలు అమ్మ చేతి అన్నం తిన్నాడు.

‘కర్రీ మీల్సు 180 రూపాయలే కదా’ అనేది అతని వాదన. బిల్లు కిందిదాకా చూస్తే సంగతి వేరు. వంటకం 180, ప్యాకింగు 15, ఈ రెండిటి మీద 5 శాతం జీఎస్టీ సుమారు 10. ఆపైన డెలివరీకీ, యాప్ వాళ్ల ఫీజుకీ కలిపి పాతిక. మొత్తం 230! అదే హోటల్‌కి నడిచి వెళితే బోర్డు మీద ధర 150 ఉంది. హోటల్ వాళ్లు ప్రతి ఆర్డరు మీదా యాప్‌కి కమీషన్ ఇచ్చుకోవాలి కాబట్టి, చాలామంది ఆ భారాన్ని ముందే మెనూ ధరలో కలిపేస్తారు. కూపన్ పెడితే తగ్గుతుందిగా అనుకుంటాం. ఆ కూపన్ పనిచేయాలంటే ఫలానా మొత్తం దాటాలంటారు. దాని కోసం అక్కర్లేని కూల్‌డ్రింకో స్వీటో తోడవుతుంది.

38 పూటలకి 230 చొప్పున 8,740. హోటల్ భోజనాలు 14 పూటలకి వంద చొప్పున 1,400. మొత్తం 10,140. గదికీ కరెంటుకీ 7 వేలు, ఊరి ప్రయాణాలకి 2 వేలు, ఫోనూ సబ్బులూ వగైరాలకి వెయ్యి, టిఫినుకి 1,500 పోగా అతని చేతిలో మిగిలేది 12,500. అందులోంచి 10,140 తీసేస్తే 2,360. ఇక ఇంటికి 5 వేలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

మెస్సు: తిన్న పూటలే లెక్క

‘మెస్సులో చేరరా, నెలకి 4,500తో అయిపోతుంది’ అన్నాడు తండ్రి. చూడ్డానికి బేరం బాగానే ఉంది. 60 పూటలకి 4,500 అంటే పూటకి 75. అయితే మెస్సు వాళ్లకి ఇచ్చే డబ్బు 60 పూటలకి కావచ్చు గానీ, తినేది అన్ని పూటలు కాదు.

చాలా మెస్సులకి ఆదివారం రాత్రి సెలవు. అక్కడే 4 పూటలు పోయాయి. కుర్రాడు ఊరికెళ్లే రెండు వారాల్లో మరో 6 పూటలు పోతాయి. ఆఫీసులో పని పడి రాత్రి ఆలస్యమయ్యే రోజులు నెలకి ఆరుంటాయి. తొమ్మిదిన్నర దాటితే మెస్సులో గిన్నెలు కడిగేస్తుంటారు. వెరసి తినగలిగేది 44 పూటలు. 4,500ని 44తో భాగిస్తే పూటకి 102 పడింది. అదే మెస్సులో విడిగా డబ్బిచ్చి తింటే ప్లేటు భోజనం వంద! అంటే నెల కార్డు తీసుకుని కూడా రెండు రూపాయలు ఎక్కువే ఇస్తున్నాడన్నమాట.

ఇక్కడ గుర్తు పెట్టుకోవలసిన లెక్క ఒకటే. నెల చార్జీని విడి భోజనం ధరతో భాగించండి. 4,500ని వందతో భాగిస్తే 45. నెలలో 45 పూటలకి మించి కచ్చితంగా తినేవాళ్లకే కార్డు లాభం. హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలకి, సెలవులకి తప్ప కదలనివాళ్లకి ఇది బాగా కుదురుతుంది. వారం వారం ఊరికి పరిగెత్తేవాళ్లకి కుదరదు.

ఇంకో సంగతి. మెస్సు లేని ఆరు రాత్రులూ, ఊళ్లో ఉన్న రెండు ఆదివారాల రాత్రులూ కుర్రాడు పస్తుండడు కదా! ఆ 8 పూటలకీ ఆర్డరు పెడితే 1,840. కాబట్టి మెస్సు నెల అసలు ఖర్చు 4,500 కాదు, 6,340. అయినా ఆర్డర్లతో పోలిస్తే 3,800 మిగిలినట్టే.

అడ్వాన్సు కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. రాత్రి ఎన్ని గంటలదాకా పెడతారు? ఆదివారం రాత్రి ఉంటుందా? ఊరికెళితే ఎన్ని రోజులకి డబ్బు తగ్గిస్తారు? గుడ్డు, పెరుగు చార్జీలోనే వస్తాయా, విడిగా ఇవ్వాలా? మూడోదే అసలైన ప్రశ్న. వరుసగా మూడు నాలుగు రోజులు రాకపోతేనే, అదీ ముందు చెబితేనే తగ్గిస్తామనే మెస్సులు ఉన్నాయి. శనాదివారాలు రెండు రోజులే కాబట్టి అక్కడ ఆ వెసులుబాటు దక్కదు. కొన్నిచోట్ల టోకెన్ల పుస్తకం ఇస్తారు. ఏ పూట తింటే ఆ పూటకే టోకెన్ చింపుతారు. అలాంటిది దొరికి, టోకెన్ 90 పడితే ఈ కుర్రాడి 44 పూటలు 3,960తో తేలిపోతాయి. మొదట పదిహేను రోజులకే డబ్బు కట్టడం మంచిది. పప్పు పల్చబడుతోందా, మజ్జిగలో నీళ్లు పెరుగుతున్నాయా అన్నది ఆ పదిహేను రోజుల్లో తెలిసిపోతుంది.

సొంత వంట: ఇద్దరుంటే ఒక లెక్క, ఒక్కరైతే ఇంకో లెక్క

‘ఇవన్నీ ఎందుకు, వండుకోండి’ అంది తల్లి. ఆవిడే కాగితం మీద లెక్క రాసిచ్చింది. గదిలో ఇద్దరికి నెలకి బియ్యం, పప్పు, నూనె 1,580. పాలూ పెరుగూ 910. కూరగాయలు 1,300. గుడ్లు, నెలకి మూడుసార్లు చికెన్ 810. ఉప్పు, చింతపండు, పోపు దినుసులు, పచ్చళ్లు 400. గ్యాసు, కరెంటు 600. మొత్తం 5,600, తలకి 2,800. స్టవ్వు, కుక్కరు, గిన్నెలు, సిలిండరు డిపాజిట్టు కలిపి 6 వేలనుకుంటే, ఏడాదికి సర్దితే నెలకి తలకి 250. బాగా ఆలస్యమయ్యే నాలుగు రాత్రులకి ఆర్డరు 920. అన్నీ కలిపి 3,970. అన్నిటికన్నా చవక ఇదే.

కానీ ఒక్కడే ఉంటే ఈ 2,800 అలాగే ఉండదు. ఇద్దరికి చేసే పప్పుకీ ఒకరికి చేసే పప్పుకీ గ్యాసు దాదాపు అంతే కాలుతుంది. ఒక్కరి కోసం సొరకాయ సగం కోస్తే మిగతా సగం వాడిపోతుంది. కొత్తిమీర కట్ట రెండుసార్లు వాడి పారేయాలి. అరలీటరు పాలు మిగిలిపోతాయి. ఒంటరి వంట తలకి మూడున్నర వేలకి తక్కువ కాదు.

సొంత వంట బెడిసికొట్టేది మూడో వారంలో. మొదటివారం ఉత్సాహంగా నాలుగు రకాల కూరగాయలు తెస్తారు. రెండో వారం గిన్నెలు తోమే వంతు దగ్గర పేచీ మొదలవుతుంది. మూడో వారం ఫ్రిజ్‌లో టమాటాలు కుళ్లుతుంటాయి, గుమ్మం దగ్గర డెలివరీ కుర్రాడు బెల్లు కొడుతుంటాడు. ఆ పూట ఖర్చు 230 మాత్రమే కాదు, పారేసిన కూరగాయలది కూడా. వారంలో మూడు నాలుగుసార్లు అలా జరుగుతోందంటే ఆ గదికి పూర్తి వంట పడదని అర్థం.

మధ్యేమార్గం: అన్నం ఇంట్లో, కూర పాయింటులో

తెలుగు ఊళ్లలో కర్రీ పాయింట్లు ఇంతగా నిలదొక్కుకున్నాయంటే కారణం ఈ లెక్కే. భోజనంలో చవకగా, సులువుగా ఇంట్లో అయ్యేది అన్నం. కడిగి కరెంటు కుక్కర్లో పడేస్తే దానంతటదే ఉడుకుతుంది. తరగడం, పోపు పెట్టడం, జిడ్డు గిన్నెలు తోమడం, ఈ చాకిరీ అంతా కూరదే. అది పాయింటు వాళ్లు ఒకేసారి వందమందికి చేస్తారు కాబట్టి వాళ్లకి గిడుతుంది.

బియ్యం 26 కిలోల బస్తా తెచ్చుకోవాలి. 2022 జులైలో పాతిక కిలోలదాకా ప్యాక్ చేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చాక, దాన్ని తప్పించుకునేందుకే ఈ 26 కిలోల బస్తాలు వచ్చాయి. పూటకి మనిషికి 150 గ్రాముల చొప్పున ఇద్దరికి నెలకి 16 కిలోలు చాలు. కిలో 60 వేసుకుంటే తలకి 480. కూర ప్యాకెట్టు 50, పప్పో సాంబారో 40, ఇద్దరికి ఒక పూటకి 90, తలకి 45. అలా 48 పూటలకి 2,160. పెరుగు 455. పచ్చడి, గుడ్లు, కరెంటు కలిపి 300. మొత్తం 3,395. నాలుగు ఆలస్యపు రాత్రుల ఆర్డర్లు కలిపితే 4,315.

సొంత వంట కన్నా 345 రూపాయలే ఎక్కువ. రోజూ గంటకి పైగా పని తప్పుతుంది. కూర చెడేది ఉండదు, ఆ పూట గదిలో లేకపోతే కొనక్కర్లేదు. దీనికీ జాగ్రత్తలున్నాయి. నూనె, ఉప్పు ఎంత వేయాలో మన చేతిలో ఉండదు. అందుకే రోజూ వేపుళ్లు కాకుండా పప్పు, పులుసు కూరలు ఎంచుకోవాలి. మధ్యాహ్నం చేసిందే రాత్రీ అమ్ముతున్నారేమో కనిపెట్టాలి. కొత్తగా తెచ్చిన సాంబారు ప్యాకెట్టు వేడిగా ఉండాలి. చల్లగా ఉండి, కాస్త పులుపు వాసన వస్తే ఆ పాయింటు మార్చేయాల్సిందే. వేడివేడి పులుసు పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోయించుకునే బదులు చిన్న స్టీలు క్యారేజీ పట్టుకెళితే మంచిది.

దసరా సెలవులు అయ్యాక కుర్రాడి సంచిలో తల్లి పెట్టినవి రెండే. మాగాయ జాడీ, పాత కరెంటు కుక్కరు. ఆ నెల తిండికి 4,315 పోగా చేతిలో 8,185 మిగిలింది. ఐదో తారీఖున ఇంటికి 5 వేలు వెళ్లాయి. తల్లి రాత్రి ఫోన్ చేసి ‘తిన్నావా నాయనా?’ అని ఎప్పటిలాగే అడిగింది. వెనక నుంచి తండ్రి మాత్రం ఇప్పుడు ఇంకో ప్రశ్న కలుపుతున్నాడు.

‘ఎంతయిందిరా?’