కొన్నది నేను, వాడేది నాన్న

అమెజాన్‌లో రివ్యూ మీద Verified Purchase అని ముద్ర ఉంటుంది, చూశారా? అది వస్తువు కొన్నారని చెప్తుందే గానీ వాడారని కాదు. మనలాంటి వాళ్ళం ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకి పంపించినవన్నీ ఈ ముద్రతోనే రివ్యూలైపోతుంటాయి.

నాన్నకి బీపీ మిషన్ కొన్నాను, దండకి పట్టీ చుట్టే రకం. సెలవుల్లో పదిరోజులు ఆయన వాడుతుంటే పక్కనే కూర్చుని చూశాను. అంకెలు కళ్ళజోడు లేకుండానే చదివారు. పట్టీ మాత్రం ఒంటిచేత్తో బిగించుకోలేక రోజూ అమ్మని పిలిచారు. ఈ రెండూ నా కళ్ళతో చూసినవి, ధైర్యంగా రాయొచ్చు.

గాలి నిండినప్పుడు నొప్పి పుడుతుందా అన్నది ఆయన చెప్పాలి. "ఎలా ఉంది నాన్నా?" అంటే "బానే ఉందిరా" అంటారు. కొడుకు కొనిచ్చింది బాలేదని ఏ తండ్రి అంటాడండీ! అందుకే "ఏ చేతికి కట్టుకుంటే సుఖంగా ఉంది?" అనడిగాను. అప్పుడు బయటపడింది, రెండు చేతులకీ బిగుతేనట.

టేపుతో కొలిస్తే దండ చుట్టుకొలత 34 సెంటీమీటర్లు. పట్టీ మీదేమో 22-32 అని ఉంది. పట్టీ చిన్నదైతే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి "రీడింగ్ కరెక్టు" అనీ రాయలేదు, "తప్పు" అనీ రాయలేదు. అది తేలాలంటే సరైన సైజు పట్టీ వేసి, డాక్టరు దగ్గరి మిషన్‌తో పోల్చాలి.

రివ్యూ మొదటి వాక్యం: "నాన్న కోసం కొన్నాను, నేను వాడలేదు, పదిరోజులు చూశాను." రెండోది దండ కొలత. నక్షత్రాలు ఇవ్వకపోతే ఒప్పుకోదు కనక మూడిచ్చాను.