వినయపూర్వక గొప్పలు

గొప్పలు చెప్పుకునేవాళ్ళంటే నాకు పెద్దగా కోపం లేదండి. ఊరికొకడు ఉంటాడు. వింటాం, వాడు అటు తిరగ్గానే నవ్వుకుంటాం, అంతటితో సరి. నాకు ఒళ్ళుమంటల్లా వినయంగా గొప్పలు చెప్పుకునేవాళ్ళతోనే. ఈ జాతి ఇదివరకు లేదని కాదుగాని, పదో తరగతి బ్యాచీలకు వాట్సాప్ గ్రూపులు వచ్చాక మరీ ప్రబలింది. ముప్ఫై ఏళ్ళ కిందట ఒకే గదిలో కూర్చుని ఒకే బెత్తంతో దెబ్బలు తిన్నవాళ్ళంతా మళ్ళీ ఒకచోట చేరారు కదా! ఒకరు డల్లాస్‌లో ఉంటారు, ఒకరు ఆ ఊళ్ళోనే కిరాణా కొట్టు నడుపుతుంటారు, ఒకరు మూడెకరాలు కౌలుకు చేస్తుంటారు, ఒకామె టీచరు. ఇలాంటివాళ్ళ మధ్య తనకు ప్రమోషన్ వచ్చిందనో, కొత్త ఉద్యోగంలో చేరాననో చెప్పాలంటే ఎవరికైనా బెరుకే. ఫోటో సిద్ధంగానే ఉంటుంది. చిక్కంతా దాని కింద రాయాల్సిన రెండు ముక్కల దగ్గర వస్తుంది. ‘వీడికి కొమ్ములొచ్చాయి’ అనుకుంటారేమోనని భయం. అందుకని మనవాడు ఆ రెండు ముక్కలకూ వినయాన్ని దట్టంగా పూస్తాడు.

నేననేదేమిటంటే, కంపు కొట్టేది ఆ పూతే. లోపలి వార్త కాదు.

ఈ పూత రెండు రకాలుగా దొరుకుతుంది. మొదటిది భక్తి రకం. ‘ఏ అర్హతా లేని ఈ సామాన్యుణ్ణి ఇంత ఉన్నత స్థానంలో కూర్చోబెట్టిన భగవంతుడికి, పెద్దలకు, మీ అందరికీ శిరస్సు వంచి నమస్కరిస్తూ...’ అంటూ సాగుతుంది. శిరస్సు వంచినట్టే వంచి, వంచిన శిరస్సు ఎంత ఎత్తున ఉందో కొలిచి చూపించడం దీని విశేషం. రెండోది ఏడుపు రకం. ‘అయిపోయింది, ఇక నా బతుకు మీటింగులకే అంకితం! పైగా ఆఫీసువాళ్ళు కారొకటి అంటగట్టారు, మా వీధిలో పెట్టుకోడానికి చోటెక్కడిది?’ అని వాపోవడం. చదివినవాడు ఓదార్చాలో అభినందించాలో తెలియక, రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పడేసి తప్పుకుంటాడు.

ఇదంతా నా కడుపుమంట కాదు సుమా. ఓవుల్ సెజర్ అనే పరిశోధకురాలు మరో ఇద్దరితో కలిసి దీని మీద ఏడు అధ్యయనాలు చేసి 2018లో ప్రచురించింది. తేలిందేమిటయ్యా అంటే, వినయం ముసుగులో గొప్ప చెప్పుకున్నవాడి కన్నా, ఏడుపు ముసుగులో చెప్పుకున్నవాడి కన్నా, ముసుగు లేకుండా సూటిగా గొప్ప చెప్పుకున్నవాడే జనానికి ఎక్కువ నచ్చాడు. ఏడుపు రకం మరీ అధ్వాన్నం. ఉత్త ఏడుపు ఏడ్చినా ఇంతకంటే నయమేనట. కారణం కూడా వాళ్ళే చెప్పారు: వినేవాడికి అందులో నిజాయితీ కనపడదు. మెప్పూ కావాలి, జాలీ కావాలి అని రెండింటికీ చెయ్యి చాచినవాడికి రెండూ దక్కలేదు.

అయితే మనకీ భయం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆత్మస్తుతి ఆత్మహత్యతో సమానమని చిన్నప్పుడే నూరిపోశారు కదా. ఆ మాట పుట్టిన సందర్భం ఒకసారి గుర్తు చేసుకోండి. కర్ణపర్వంలో గాండీవాన్ని ఇంకొకరికిమ్మని ధర్మరాజు కోపంలో నోరు జారతాడు. అలా అన్నవాణ్ణి చంపుతానని అర్జునుడికి శపథం ఉంది. కృష్ణుడు అడ్డుపడి, పెద్దవాణ్ణి తూలనాడితే చంపినట్టే లెక్క అంటాడు. ఆ పని చేశాక అర్జునుడు పశ్చాత్తాపంతో తానే చస్తానంటాడు. అప్పుడు కృష్ణుడు, నిన్ను నువ్వు పొగుడుకో, అది ఆత్మహత్యతో సమానం అంటాడు. సరే, అర్జునుడు పొగుడుకున్నాడు. ఎలా? శివుడు తప్ప తనంత విలుకాడు లేడని ఎలుగెత్తి చెప్పుకున్నాడు. అంతేగాని ‘ఏ అర్హతా లేని ఈ సామాన్యుడు’ అని మాత్రం మొదలుపెట్టలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా బావమరిది ఒక ప్రభుత్వ బ్యాంకులో ఆఫీసరు. 1996 పదో తరగతి బ్యాచీ. ఆ మధ్య సీనియర్ మేనేజరు నుంచి చీఫ్ మేనేజరయ్యాడు. బ్యాంకు భాషలో చెప్పాలంటే స్కేల్ త్రీ నుంచి స్కేల్ ఫోర్. అలవాటు ప్రకారం ప్రమోషన్‌తో పాటు బదిలీ కూడా వచ్చింది, భువనేశ్వర్‌కి. గ్రూపులో పెట్టే ముందు నాకు చూపించాడు, ‘బావా, మరీ గొప్పగా ఉందేమో చూడు’ అంటూ. ఆ రాత ఇదీ:

‘నమ్మలేకపోతున్నాను. ఒక మారుమూల పల్లె బడిలో నేల మీద కూర్చుని చదువుకున్న నేను నేడు చీఫ్ మేనేజర్ (స్కేల్ ఫోర్) స్థాయికి ఎదిగాను. కష్టపడితే సాధించలేనిది లేదు. ఇది నా విజయం కాదు, మనందరి విజయం. వినమ్రతతో, మీ మిత్రుడు.’

కత్తెర తీసుకుని కూర్చున్నాం. ‘నమ్మలేకపోతున్నాను’ మొదట పోయింది. పరీక్ష రాసి, ఇంటర్వ్యూకి వెళ్ళి, మూడు నెలలు ఎదురుచూసినవాడు నమ్మకపోవడమేమిటి? ‘నేల మీద కూర్చుని చదువుకున్న’ కూడా కొట్టేయమన్నాను. ఒప్పుకోలేదు. ‘అది నిజమే కదా బావా!’ అన్నాడు. నిజమేరా, కానీ ఆ నేల మీద నీ పక్కన ఇంకో నలభైమంది కూర్చున్నారు. ఆ మాట బయటివాళ్ళకు చెబితే నీ కథ. వాళ్ళకే చెబితే, అదే నేల మీంచి లేచి నేనిక్కడికొచ్చాను, మీరెక్కడున్నారు అని అడిగినట్టు ఉంటుంది.

అన్నిటికన్నా విషం ఉన్న వాక్యం ‘కష్టపడితే సాధించలేనిది లేదు’. రాసినవాడికి అది వినయంగానే తోస్తుంది. తెలివి కాదు, చాకిరీ అని తగ్గించుకుంటున్నాననుకుంటాడు. కానీ ఆ గ్రూపులో కౌలుచేసే మిత్రుడున్నాడే, అతను రాత్రి కరెంటు వస్తే రాత్రే లేచి మోటారు వేయడానికి పొలానికి పోతాడు. కిరాణా కొట్టు మిత్రుడు పండగనాడు కూడా షట్టరు దించడు. ఆ వాక్యం వాళ్ళకేం చెప్పిందో చూడండి: మీరు కష్టపడలేదు కనుక ఇలా ఉన్నారు! పాత స్నేహితుల మనసు విరిగేది ఇలాంటి నీతివాక్యాల దగ్గరే. హోదా దగ్గర కాదు. హోదా వార్త, నీతివాక్యం తీర్పు. తోటివాడు తీర్పు చెబితే ఎవడు పడతాడు?

‘మనందరి విజయం’ సంగతి సరేసరి. జీతం ఒకరికే పెరుగుతుంది కదా.

మిగిలింది హోదా పేరు. స్కేల్ ఫోర్ అంటే బ్యాంకువాడికి తెలుసు, మిగతావాళ్ళకు అదేదో పెద్ద బరువులా వినిపిస్తుంది. దాని బదులు సోమవారం పొద్దున ఆఫీసుకెళ్ళి ఏం చేస్తావో చెప్పమన్నాను. చివరికి ఇలా తేలింది:

‘ఒరేయ్, నాకు ప్రమోషన్ వచ్చింది. చీఫ్ మేనేజర్ అంటారు. భువనేశ్వర్ వేశారు, అక్కడ రీజనల్ ఆఫీసులో అప్పుల విభాగం చూడాలి. సంతోషంగా ఉంది. పాప ఇంటర్ పరీక్షలయ్యేదాకా నేనొక్కణ్ణే వెళ్తున్నా. అక్కడ మనవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, చిన్న ఇల్లు వెతుక్కోవాలి.’

చూశారా, ‘సంతోషంగా ఉంది’ అని ఉండనిచ్చాను. దాన్ని దాచడమే దొంగతనంలా ఉంటుంది. మరి చివరి రెండు వాక్యాలూ ఏడుపు రకం కావా అని మీరడగవచ్చు. దానికో పరీక్ష ఉంది. ఆ మాటకు జవాబు చెప్పే పని ఎదుటివాడికి ఉందా లేదా అని చూడండి. ‘కారు ఎక్కడ పెట్టుకోను’ అన్నదానికి జవాబక్కర్లేదు, నోరెళ్ళబెడితే చాలు. ‘ఇల్లు కావాలి’ అంటే ఎవరి బావగారో అక్కడ ఉంటారు, ఫోన్ నంబరు వస్తుంది. నిజంగానే టీచరమ్మ తన తమ్ముడి నంబరు పంపింది. కౌలుచేసే మిత్రుడు ‘అప్పుల విభాగమా? అయితే మాకూ పనుంది నీతో’ అని వేళాకోళమాడాడు. బాగా పడిందీ లేనిదీ ఇక్కడే తెలుస్తుంది. వేళాకోళాలు, ప్రశ్నలు వస్తే పడినట్టు. ఒకడు వేసిన పూలగుత్తినే మిగతావాళ్ళంతా వరసగా వేసుకుంటూ పోతే పడనట్టు.

ఇంత గొడవెందుకు, అసలు చెప్పకపోతే పోలా అనే మహానుభావులున్నారు. వాళ్ళు ఇంకా ప్రమాదకరం. వార్త ఆగదు కదా. ఏ పెళ్ళిపందిట్లోనో మూడోవాడి నోట బయటపడుతుంది. ‘మాకు చెప్పేపాటివాళ్ళం కాదనుకున్నావా?’ అని కిరాణా మిత్రుడు అడిగితే జవాబేదీ? ‘నువ్వు బాధపడతావని’ అంటే, అంతకన్నా అవమానం ఉందా? ఈ దాపరికం మీద 2021లో అదే సెజర్, ఇంకో ఇద్దరు చూశారు. విజయాన్ని దాచిపెట్టారని తెలిసినవాళ్ళు తమను చిన్నపిల్లల్లా జమకట్టారనే నొచ్చుకున్నారు.

ఉద్యోగాల కోసమే ఉన్న లింక్డ్‌ఇన్‌లో రాసినదాన్ని యథాతథంగా తెచ్చి ఇక్కడ అంటించడం మరో దురలవాటు. అక్కడి పాఠకుడు మీకు రేపు ఉద్యోగమిచ్చేవాడు. హోదా, ధన్యవాదాలు, ఇంగ్లీషు అన్నీ అతనికి కావాలి. మీ నిక్కరు చిరిగిన రోజు చూసినవాడికి ‘ఐ యామ్ థ్రిల్డ్ టు అనౌన్స్’ అంటే, వెనక్కి తిరిగి ఎవరితో మాట్లాడుతున్నావురా అని చూస్తాడు.

ఇక ఫోటో. తిరిగే కుర్చీ, మెడలో దండ, వెనకాల నిలబడ్డ సిబ్బంది – ఇవి ఉన్నాక కింద ఏం రాసినా లాభం లేదు, చూసేవాడు ముందు కుర్చీనే చదువుతాడు. మా వాడు పాప తీసిన మామూలు ఫోటో ఒకటి పెట్టాడు. పంపే ముందు నాలుగు మెసేజీలు పైకి జరిపి చూడమని కూడా చెప్పాను. పొద్దున ఎవరి తండ్రో పోయిన కబురు ఉంటే ఎంత మెత్తని రాతయినా రెండ్రోజులు ఆగాలి. ఈమధ్యే ఉద్యోగం పోయినవాడు గ్రూపులో ఉంటే, గ్రూపులో పెట్టకముందే అతనికి విడిగా ఫోన్ చేసి చెప్పాలి. అయినా ఒకరిద్దరికి గుచ్చుకుంటుంది. దానికి మీ రాత బాధ్యత కాదు, దాన్ని మాన్పే రాతా లేదు.

అన్నట్టు, ఏ బ్యాచీలోనైనా ఇలాంటి వార్తకు ‘పార్టీ ఎప్పుడురా?’ అని అడిగేవాడు ఒకడుంటాడు. దానికి మా వాడు ‘తప్పకుండా, మీ దయ ఉండాలి’ అని కొట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. వెళ్ళేలోగా వచ్చే ఆదివారం, బస్టాండు దగ్గర పాత టిఫిన్ హోటలు, పొద్దున ఎనిమిదింటికి అని రాయించాను. పదకొండుమంది వచ్చారట. బిల్లు మాత్రం కిరాణా మిత్రుడు కట్టనివ్వలేదు.