బడి వేళకు వచ్చే కడుపునొప్పి నటన కాదు

ఉదయం ఏడున్నరకు కడుపు పట్టుకుని మెలికలు తిరిగిన పిల్లవాడు, బడి బస్సు వెళ్లిపోయిన అరగంటకే హాయిగా ఆడుకుంటుంటే పెద్దలకు అనుమానం రావడం సహజం. "బడిదొంగ వేషాలు" అని తీర్పు చెప్పేస్తారు. నొప్పి బడి వేళకు వచ్చిందన్నది ఒక్కటే ఆ తీర్పుకు ఆధారం. ఆ ఆధారం చాలదన్నది నా అభిప్రాయం. పిల్లల్లో పదేపదే కడుపునొప్పి కలిగించే మూడు ముఖ్యమైన కారణాలూ, అంటే మలబద్ధకం, పాలు పడకపోవడం, మానసిక ఒత్తిడి, ఉదయం వేళనే బయటపడడానికి బలమైన శారీరక కారణాలున్నాయి.

ముందుగా మలబద్ధకం. ఆహారం పొట్టలోకి చేరగానే పెద్దపేగుకు సంకేతం అంది, అందులో బలమైన కదలిక మొదలవుతుంది. రాత్రంతా విశ్రాంతిగా ఉన్న పేగులో ఈ కదలిక ఉదయం ఫలహారం తరువాత మరింత ఎక్కువ. దారిలో గట్టిపడిన మలం అడ్డుగా ఉంటే పేగు దానిపై బిగుసుకుంటుంది. అదే నొప్పి. ఇడ్లీ తిని బూట్లు వేసుకునే సమయానికే అది రావడంలో వింతేముంది? కాసేపటికి కదలిక సద్దుమణిగితే నొప్పీ తగ్గుతుంది. అంతలో బస్సు వెళ్లిపోతుంది, నింద పిల్లవాడిపై పడుతుంది.

"మావాడు రోజూ వెళతాడండీ" అని తల్లిదండ్రులు చెప్పే మాట ఇక్కడ సరిపోదు. రోజూ కొద్దికొద్దిగా వెళుతున్నా లోపల మలం పేరుకుపోవచ్చు. గట్టిగా ఉంటున్నదా, మేక పెంటికల్లా వస్తున్నదా, ముక్కవలసి వస్తున్నదా, లోదుస్తులకు మరకలు అంటుతున్నాయా అని అడగాలి. ఆ మరకలను చాలామంది విరేచనాలనుకుని, విరేచనాలు కట్టే మందు వేసి సమస్యను ముదరబెడతారు. నిజానికి గట్టి మలం పక్కనుంచి పలుచని మలం పిల్లవాడికి తెలియకుండానే జారడం వల్ల అవి పడతాయి. చాలాకాలం సాగిన మలాశయం "నిండింది" అన్న కబురు సరిగా అందించలేదు.

రెండవది పాలు. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను జీర్ణం చేసే ఎంజైము పసితనం దాటాక మనలో చాలామందికి క్రమంగా తగ్గిపోతుంది. ఇది జబ్బు కాదు. జీర్ణం కాని చక్కెర పెద్దపేగులోకి చేరి పులిసి, గాలి పుట్టిస్తుంది. గ్లాసెడు పాలు తాగిన అరగంట నుంచి రెండు గంటల్లో పొట్ట ఉబ్బరం, గుడగుడలు, నొప్పి, కొందరికి నీళ్ల విరేచనం కనిపిస్తాయి. ఏడింటికి పాలు, ఎనిమిదింటికి బడి: ఇక్కడా గడియారం అలాగే కుదురుతుంది.

మూడవది ఒత్తిడి. మెదడుకూ పేగులకూ నరాల ద్వారా నిరంతర సంభాషణ ఉంటుంది. కొందరు పిల్లల్లో పేగుల నరాలు సున్నితమై, మామూలు కదలికనే నొప్పిగా చేరవేస్తాయి. భయం ఆ సున్నితత్వాన్ని పెంచుతుంది. స్కానులో ఏమీ కనిపించకపోయినా ఆ నొప్పి నిజమైనదే.

మరి వీటిని విడదీసేదెలా? ఒక ఉదాహరణ చెబుతాను. మూడవ తరగతి చదువుతున్న ఎనిమిదేళ్ల బాలుడికి రెండు నెలలుగా బొడ్డు చుట్టూ నొప్పి. అప్పటికే నులిపురుగుల మందు మూడుసార్లు వేశారు. స్కానులో "కడుపులో గ్రంథులు కొద్దిగా పెరిగాయి" అని రావడంతో తల్లిదండ్రులు క్షయ అని హడలిపోయారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ ఇలాంటి చిన్న గ్రంథులు తరచుగా కనిపిస్తాయి. బాలుడి బరువు తగ్గలేదు, జ్వరం లేదు. పొట్ట తాకి చూస్తే ఎడమవైపు దిగువన గట్టి ఉండలు చేతికి తగిలాయి. బడిలో మరుగుదొడ్డికి వెళతావా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. గడియ లేదట, నీళ్లు ఉండవట. ఉదయం ఇంట్లో తీరిక లేదు, బడిలో వీలు లేదు. అలా ఆపుకోవడం అలవాటైంది.

రెండు వారాలు ఒక పుస్తకంలో నొప్పి వచ్చిన సమయం, తిన్నది, మలం తీరు, ఆ రోజు సెలవా కాదా రాయమన్నాను. ఆదివారాల్లోనూ నొప్పి వచ్చింది, కాకపోతే ఆలస్యంగా లేచి తిన్నాక, పది గంటలకు. కేవలం బడి భయమైతే సెలవునాడు సాధారణంగా నొప్పి ఉండదు. ఆదివారం సాయంత్రం మళ్లీ మొదలవుతుంది.

మలాన్ని మెత్తబరిచే పాలిథిలిన్ గ్లైకాల్ పొడిని నీళ్లలో కలిపి, బరువునుబట్టి లెక్కగట్టిన మోతాదులో ఇచ్చాము. మొదటి కొన్ని రోజులు పేరుకున్నది పోవడానికి ఎక్కువ, తరువాత రోజూ తక్కువ. ఫలహారం, రాత్రి భోజనం తరువాత పాదాల కింద చిన్న పీట వేసి పది నిమిషాలు కూర్చోబెట్టమన్నాను. ఇక్కడ జరిగే సాధారణ పొరపాటు, పదిరోజుల్లో బాగుపడగానే మందు ఆపేయడం. సాగిన మలాశయం కుదుటపడడానికి నెలలు పడుతుంది. కనీసం రెండు నెలలు ఇచ్చి, ఇబ్బంది లేకుండా ఒక నెల గడిచాకే వైద్యుని సలహాతో మెల్లగా తగ్గించాలి. దీనికి పేగు అలవాటు పడుతుందన్న భయం అక్కరలేదు.

నెల తిరిగేసరికి నొప్పి చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. రెండు వారాలు పాలు ఆపి, పెరుగు మాత్రం కొనసాగించి చూశాము. తేడా రాలేదు. మళ్లీ పాలు ఇచ్చినా నొప్పి పెరగలేదు. కనుక పాలు దోషి కాదు. ఈ రెండో మెట్టు వదిలేసి, ఊరికే ఏళ్ల తరబడి పాలు మాన్పించడం సరికాదు. నిజంగా పడకపోతే పెరుగు, రాగులు, నువ్వులు ఉండనే ఉన్నాయి. గోధుమలు మాత్రం పరీక్షకు ముందు సొంతంగా ఆపవద్దు. సీలియాక్ వ్యాధి ఉంటే ఆపాక పరీక్షలో దొరకదు.

మిగిలిన నొప్పి మంగళ, గురువారాల్లోనే వస్తున్నదని పుస్తకం చెప్పింది. ఆ రోజుల్లో ఎక్కాలు నిలబెట్టి అప్పజెప్పించుకుంటారు. తండ్రి ఉపాధ్యాయురాలితో మాట్లాడారు. ఆమె కొన్నాళ్లు విడిగా అప్పజెప్పించుకున్నారు, అవసరమైనప్పుడు సిబ్బంది మరుగుదొడ్డి వాడుకోనిచ్చారు. ఇంట్లో రోజూ "నొప్పి ఉందా?" అని అడగడం మానేశారు. జ్వరం, వాంతి లేనప్పుడు, కాస్త ఆలస్యమైనా బడికి పంపారు. ఇంట్లో ఉంచేస్తే భయం పెరుగుతుందే గాని తగ్గదు.

1958లో బ్రిస్టల్ నగరపు వైద్యుడు జాన్ యాప్లీ వెయ్యిమంది బడిపిల్లలను పరిశీలించి, దాదాపు ప్రతి పదిమందిలో ఒకరికి ఇలాంటి నొప్పి ఉందని గుర్తించాడు. నొప్పి బొడ్డుకు ఎంత దూరంగా ఉంటే అంత జాగ్రత్తగా వెతకాలన్న ఆయన సూత్రం నేటికీ ఉపయోగమే. కుడివైపు దిగువన నిలకడగా ఉండే నొప్పి, నిద్రలేపే నొప్పి, బరువు తగ్గడం, ఎదుగుదల ఆగడం, మలంలో రక్తం, పచ్చని వాంతి, తగ్గని జ్వరం, మూత్రంలో మంట, మగపిల్లల్లో వృషణం నొప్పి: వీటిలో ఏది ఉన్నా ఇంట్లో పుస్తకం రాస్తూ కూర్చోకూడదు. వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి.

ఇవేవీ లేనప్పుడు స్కానుకు పరుగెత్తేముందు పిల్లవాడి పొట్టను ఒకరు చేత్తో తాకి చూడాలి, బడి మరుగుదొడ్డి గురించి ఒకరు అడగాలి. తలుపుకు గడియ, కుళాయిలో నీళ్లు ఉన్నాయా అన్నది తల్లిదండ్రుల సమావేశంలో మార్కులకన్నా ముందు అడగవలసిన ప్రశ్న.